వరి వేళ్లలో 600 జన్యువులు: జీఓ ఎన్‌రిచ్‌మెంట్‌కు ఏ బ్యాక్‌గ్రౌండ్ పెట్టాలి?

మా బరంపురంలో నాతోపాటు పనిచేసే పర్లాకిమిడి అమ్మాయి ఒకతి, జయపురం వైపు మెట్ట పొలాల్లో పండే ఒక దేశవాళీ వరి మీద ప్రయోగం చేసింది. కొన్ని కుండీలకు నీళ్లు ఆపింది, కొన్నిటికి పోసింది. రెండు రకాల మొక్కల వేళ్లూ తీసి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించింది. నీటి కొరతకు స్పందించి మారిన జన్యువుల జాబితా చేతికొచ్చాక దాన్ని ఒక ఆన్‌లైన్ టూల్‌లో పెట్టి జీన్ ఆంటాలజీ ఎన్‌రిచ్‌మెంట్ నడిపింది. "అక్కా, ఆక్సిడేటివ్ స్ట్రెస్ మొదటి వరుసలోనే వచ్చింది. చాప్టర్‌లో రాసేయమంటారా?" అని అడిగింది.

దేనితో పోల్చావని అడిగాను. టూల్‌లో ముందే ఉన్నదాన్ని అలాగే వదిలేశానంది. ఆ వదిలేసిన గడిలోనే అసలు విషయమంతా ఉంది. ఆ గడిలో ఏం పెట్టవచ్చో, ఏది ఎప్పుడు సరైనదో ఆమె లెక్కతోనే చెబుతాను. తేలిగ్గా అర్థం కావడానికి అంకెల్ని గుండ్రంగా సవరించాను.

ముందు టూల్ చేసే పని. జీన్ ఆంటాలజీలో, అంటే జీఓలో, ప్రతి జన్యువుకూ కొన్ని టర్మ్‌లు తగిలించి ఉంటాయి. అది ఏ పనిలో పాల్గొంటుంది, దాని ప్రోటీన్ స్వయంగా ఏం చేస్తుంది, కణంలో ఎక్కడ ఉంటుంది అని మూడు వైపుల నుంచి. మన జాబితాలో ఒక టర్మ్ ఉన్న జన్యువులు ఎన్నో టూల్ లెక్కపెడుతుంది. తర్వాత ఒక పెద్ద కుప్పలోంచి అంతే సంఖ్యలో జన్యువుల్ని కళ్లు మూసుకుని తీస్తే ఆ టర్మ్‌వి ఎన్ని వచ్చేవో చూస్తుంది. ఆ తేడా అనుకోకుండా రాగలిగినదా కాదా అని హైపర్‌జామెట్రిక్ పరీక్ష, లేదా ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష, చెబుతుంది. ఆ పెద్ద కుప్పే బ్యాక్‌గ్రౌండ్. కొన్ని టూల్స్‌లో దాన్నే యూనివర్స్ అనో, రిఫరెన్స్ లిస్ట్ అనో అంటారు.

మా ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. బరంపురంలో ఒక పెళ్లి జరిగింది. వచ్చినవాళ్లంతా ఊళ్లోవాళ్లే. ఎవరో లెక్కపెడితే అందులో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది తేలారు. ఒడిశా మొత్తంలో తెలుగువాళ్ల పాలు చిన్నది కాబట్టి, పెళ్లివారు తెలుగువాళ్లనే ఏరి పిలిచారని చెప్పవచ్చా? చెప్పకూడదు. బరంపురంలో ఏ వీధిలో నలుగుర్ని పోగేసినా అలాగే ఉంటుంది. సుందర్‌గఢ్ వాళ్లు, బాలేశ్వర్ వాళ్లు ఆ పెళ్లికి వచ్చే అవకాశమే లేదు కాబట్టి వాళ్లను లెక్కలో కలపకూడదు. పోల్చాల్సింది బరంపురం జనంతో.

వరి వేరు కూడా ఇలాంటి ఊరే. పుప్పొడిలోనో గింజలోనో ఆకులోనో మాత్రమే పలికే జన్యువులు వేరు నమూనాలో రీడ్‌లే ఇవ్వవు. రీడ్‌లు లేని జన్యువు మారిందో లేదో ఎవరూ పరీక్షించలేరు. కాబట్టి ఆమె జాబితాలోకి అవి వచ్చే దారే లేదు.

ఒకే జాబితా, రెండు జవాబులు

ఆమె జాబితాలో జీఓ టర్మ్ ఉన్న జన్యువులు 600. వాటిలో 'ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు స్పందన' అనే టర్మ్ ఉన్నవి 18.

టూల్ తనంతట తాను తీసుకున్న బ్యాక్‌గ్రౌండ్ వరి జీనోమ్‌లో టర్మ్ ఉన్న జన్యువులన్నీ, అంటే 24,000. వాటిలో ఈ టర్మ్‌వి 300, నూటికి 1.25. ఆ లెక్కన 600లో 7.5 రావాలి. వచ్చినవి 18, అంటే 2.4 రెట్లు. పి-విలువ 0.001 కన్నా తక్కువ. చూసిన ఎవరికైనా నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌ను వేళ్లలో నిజంగా పరీక్షకు నిలిచిన జన్యువులకు కుదిద్దాం. అవి 12,000. కుప్ప సగమైంది కానీ ఆ టర్మ్ జన్యువులు సగం కాలేదు. 300లో 260 వేళ్లలో ఉన్నాయి. దీనికి కారణం ఉంది. ఈ టర్మ్ తగిలించి ఉన్నవాటిలో పెద్ద భాగం పెరాక్సిడేజ్ జన్యువులు. వరిలో మూడో తరగతి పెరాక్సిడేజ్‌లే 138 ఉన్నాయి. ఈ కుటుంబంలో చాలావాటికి ఇల్లు వేళ్లే. కణ గోడలు గట్టిపడటంలాంటి రోజువారీ పనుల్లో అవి ఉంటాయి. నీళ్లున్నా లేకున్నా వేళ్లలో పలుకుతూనే ఉంటాయి.

కాబట్టి 12,000లో 260, నూటికి దాదాపు 2.17. 600లో 13 రావాలి. వచ్చినవి అవే 18. ఇప్పుడది 1.4 రెట్లు, పి-విలువ సుమారు 0.1. వేల టర్మ్‌లు పరీక్షించినందుకు చేయాల్సిన సవరణకు ముందే ఇది పడిపోయింది.

ఇంకో లెక్క చూస్తే విషయం ఇంకా సూటిగా తెలుస్తుంది. నీటి కొరతతో సంబంధమే లేకుండా, ఆ 12,000 లోంచి 600 జన్యువుల్ని చీటీలు వేసి తీశామనుకోండి. సగటున 13 ఈ టర్మ్‌వి వస్తాయి. ఆ చీటీల జాబితాను జీనోమ్ మొత్తంతో పోలిస్తే పి-విలువ సుమారు 0.04 వస్తుంది. అంటే ఆ టూల్ ఆమెకు చెప్పినదాంట్లో చాలా భాగం "ఇవి వేరులోని జన్యువులు" అన్న మాటే. వేళ్లు తవ్వి తీసింది ఆమే. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు.

ఈ పొరపాటు ఎందుకు ప్రమాదమో కూడా చెప్పాలి. తప్పు బ్యాక్‌గ్రౌండ్ పిచ్చి జవాబు ఇస్తే ఎవరైనా పట్టుకుంటారు. కానీ ఇక్కడ నీటి కొరత ప్రయోగంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ వచ్చింది. సరిగ్గా అనుకున్నదే కాబట్టి ఎవరూ అనుమానించరు. కణజాలం పేరు చెప్పే టర్మ్‌లు చాలాసార్లు ఇలాగే ప్రయోగం కథకు అతికినట్టు కనిపిస్తాయి.

తప్పు బ్యాక్‌గ్రౌండ్ దాచేసేవి

బ్యాక్‌గ్రౌండ్ సరిచేస్తే ఫలితాలు తగ్గిపోతాయని చాలామంది భయపడతారు. కొన్ని తగ్గుతాయి, కొన్ని కొత్తగా బయటపడతాయి. ఆమె జాబితాలోనే 'గింజ పక్వత' అనే టర్మ్ ఉన్నవి 5 ఉన్నాయి. జీనోమ్‌లో ఆ టర్మ్‌వి 120, కాబట్టి 600లో 3 రావాలి. 3 రావాల్సిన చోట 5 వస్తే పి-విలువ 0.18 దాకా ఉంటుంది. టూల్ దాన్ని అడుగున పడేసింది.

అయితే ఆ 120లో ఎక్కువ గింజలో మాత్రమే పనిచేసేవి. వేళ్లలో పరీక్షకు నిలిచినవి 24 మాత్రమే. 12,000లో 24 అంటే 600లో 1.2 రావాలి. వచ్చినవి 5, నాలుగు రెట్లు. పి-విలువ 0.01 కన్నా తక్కువ. గింజ ఎండే దశలో కణాల్ని కాపాడే ఎల్‌ఈఏ ప్రోటీన్లను నీళ్లు లేనప్పుడు వేళ్లు, ఆకులు కూడా తయారుచేసుకోవడం మొక్కల్లో బాగా తెలిసిన విషయమే. ఇక్కడ నీటి కొరత గురించి చెప్పేది ఈ టర్మే. జీనోమ్ బ్యాక్‌గ్రౌండ్ దీన్ని కనబడనివ్వలేదు.

ఏది ఎంచుకోవాలి

జీనోమ్‌లోని జన్యువులన్నీ అనే ఎంపికను నేను దాదాపు ఎప్పుడూ వాడను. జాబితా తయారైన పద్ధతిలో ఏ జన్యువుకైనా జాబితాలోకి వచ్చే అవకాశం నిజంగా ఉంటేనే అది సరైనది. ఉదాహరణకు, జీనోమ్ సీక్వెన్స్‌లోనే ఒక మోటిఫ్‌ను వెతికి, అది ప్రమోటర్‌లో ఉన్న జన్యువుల్ని ఏరితే, అక్కడ జీనోమ్ మొత్తం న్యాయమైన కుప్పే. కణజాలం నుంచి కొలిచిన దేనికీ అది పనికిరాదు.

టర్మ్ ఉన్న జన్యువులన్నీ అనేది చాలా టూల్స్‌లో ముందుగా పెట్టి ఉండే ఎంపిక. clusterProfiler ప్యాకేజీలోని `enrichGO`లో `universe` ఇవ్వకపోతే జరిగేది ఇదే. g:Profilerలో కూడా ఏమీ మార్చకపోతే ఇదే. జీనోమ్ మొత్తం కన్నా ఇది కొంత మెరుగు. ఒక్క టర్మ్ కూడా లేని జన్యువులు కుప్పలో లేకుండా పోతాయి. కానీ కణజాలం సమస్య అలాగే ఉండిపోతుంది. పైన మనం చూసిన తప్పు లెక్క ఈ ఎంపికతో వచ్చిందే.

పరీక్షకు నిలిచిన జన్యువులు అనేదే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు నా సలహా. ఎవరు నిలిచారో ఎలా తెలుస్తుంది? DESeq2 వాడితే ఫలితాల పట్టికలో `padj` గడి చూడండి. కౌంట్లు మరీ తక్కువై పక్కన పెట్టిన జన్యువులకు అక్కడ `NA` ఉంటుంది. సంఖ్య ఉన్నవే మీ బ్యాక్‌గ్రౌండ్. edgeR అయితే `filterByExpr` తర్వాత మిగిలినవి. ఇక్కడ ఒక జాగ్రత్త. వడపోత అన్ని నమూనాల్నీ కలిపి చూసి చేయాలి. నీళ్లు పోసిన మొక్కల్లో పలికేవే బ్యాక్‌గ్రౌండ్ అనుకుంటే, కొరత వచ్చాకే మేలుకున్న ఎల్‌ఈఏ జన్యువులు కుప్పలోంచి జారిపోతాయి.

దీనికి ఒక మెట్టు పైన, పరీక్షకు నిలిచి టర్మ్ కూడా ఉన్నవి అనే ఎంపిక ఉంది. నా లెక్కలో ఉన్న 12,000 అలాంటివే. టర్మ్ లేనివి ఎందుకు తీసేయాలంటే, బాగా పరిశోధన జరిగిన జన్యువులకే ఎక్కువగా టర్మ్‌లు ఉంటాయి, స్ట్రెస్ జన్యువుల మీద పరిశోధన ఎక్కువ జరిగింది. కుప్పలో నూటికి 60 జన్యువులకు, జాబితాలో నూటికి 80కి టర్మ్ ఉందనుకోండి. అప్పుడు టర్మ్ లేనివి కూడా కలిపి లెక్కేస్తే ప్రతి టర్మ్ సగటున 1.33 రెట్లు ఉబ్బి కనిపిస్తుంది. ఏ టర్మ్‌కూ ప్రత్యేకత లేకపోయినా సరే. clusterProfiler ఈ కోత తానే చేస్తుంది. g:Profilerలో మీరే చెప్పాలి: `gost`లో `custom_bg` ఇచ్చి, `domain_scope = "custom_annotated"` అని పెట్టాలి.

ఇంకా ఇరుకైన కుప్ప కూడా ఒకటి ఉంది: మారిన జన్యువులన్నిటినీ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, వాటిలో పెరిగినవాటిని మాత్రం జాబితాగా ఇవ్వడం. ఇది తప్పు కాదు, ప్రశ్న వేరు. స్పందించినవాటిలో పెరిగినవీ తగ్గినవీ ఏ పనుల్లో విడిపోయాయని ఇది అడుగుతుంది. నీటి కొరతకు ఏ పనులు స్పందించాయన్న మొదటి ప్రశ్నకు మాత్రం ఇది జవాబివ్వదు. పెరిగినవాటిలోనూ తగ్గినవాటిలోనూ సమానంగా ఉన్న టర్మ్ ఇందులో మాయమవుతుంది.

ఆర్‌ఎన్‌ఏ కాకుండా వేరే కొలతలైతే సూత్రం అదే, కుప్ప పేరు మారుతుంది. ప్రోటియోమిక్స్‌లో మెషీన్‌కు దొరికిన ప్రోటీన్లు. మైక్రోఅరేలో చిప్ మీద ప్రోబ్ ఉన్న జన్యువులు. కొన్ని వందల రోగనిరోధక జన్యువులతో కట్టిన ప్యానెల్ అయితే ఆ ప్యానెలే. ప్యానెల్ జాబితాను జీనోమ్‌తో పోలిస్తే ఏ పది జన్యువులు ఇచ్చినా రోగనిరోధకత అనే వస్తుంది.

చేసే పని

వరికి clusterProfilerలోని `enricher`తో, మన దగ్గరున్న టర్మ్-జన్యువు పట్టికతో చేయడం సులువు. కింద `res` అంటే DESeq2 ఫలితాల పట్టిక.

```r
tested <- rownames(res)[!is.na(res$padj)]
hits   <- rownames(res)[which(res$padj < 0.05)]
out <- enricher(gene = hits, universe = tested,
                TERM2GENE = term2gene, pvalueCutoff = 1, qvalueCutoff = 1)
```

ఈ నాలుగు వరుసల్లో తప్పులు దొర్లే చోటు పేర్ల దగ్గర. వరి జన్యువులకు రెండు రకాల గుర్తులు నడుస్తున్నాయి. ఒకటి `Os01g0100100` తరహా, ఇంకొకటి `LOC_Os01g01010` తరహా. కౌంట్లు ఒక తరహాలో, టర్మ్ పట్టిక ఇంకో తరహాలో ఉంటే మార్చుకోవాలి. మార్చేటప్పుడు కొన్ని జన్యువులకు జోడీ దొరకదు, అవి రాలిపోతాయి. జాబితాను మాత్రమే మార్చి బ్యాక్‌గ్రౌండ్‌ను వేరే ఫైల్ నుంచి తెచ్చారంటే, ఒకవైపే రాలిపోయి కుప్ప చెదురుతుంది. ముందు `tested` మొత్తాన్ని మార్చి, అందులోంచే `hits`ను ఏరండి. అప్పుడు జాబితాలోని ప్రతి జన్యువూ కుప్పలో తప్పకుండా ఉంటుంది. మరో మాట, `term2gene`లో చిన్న టర్మ్‌లతోపాటు వాటి పై టర్మ్‌లు కూడా ఉండాలి. లేకపోతే `buildGOmap`తో నింపుకోవచ్చు.

నడిపాక ముందు పి-విలువలు చూడకండి. `BgRatio` గడి చూడండి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ వరుసలో `300/24000` ఉంటే మీ `universe`ను టూల్ తీసుకోలేదు. `260/12000` ఉంటే తీసుకుంది. ఆ అమ్మాయి తన పాత పట్టికను ఇలాంటి ఒక్క గడితోనే పట్టుకుంది. ఇతరుల వ్యాసాల్లోనూ అనుబంధ పట్టికల్లో ఈ అంకె దొరికితే, వాళ్లు ఏ బ్యాక్‌గ్రౌండ్ వాడారో మెథడ్స్‌లో రాయకపోయినా తెలిసిపోతుంది. రాయకపోవడం అరుదేమీ కాదు. 2022లో ప్లోస్ కంప్యుటేషనల్ బయాలజీలో వచ్చిన ఒక పరిశీలన, తాను చూసిన ఈ రకం విశ్లేషణల్లో నూటికి 95 సరైన బ్యాక్‌గ్రౌండ్ వాడలేదనో, ఏది వాడారో చెప్పలేదనో తేల్చింది.

రెండో పరీక్ష చీటీల పరీక్ష. `tested` నుంచి `sample(tested, length(hits))`తో వంద నకిలీ జాబితాలు తీసి, అదే బ్యాక్‌గ్రౌండ్‌తో నడపండి. బ్యాక్‌గ్రౌండ్ సరిగా ఉంటే సవరణ తర్వాత దాదాపు ఏమీ మిగలవు. ఏదో ఒక టర్మ్ నకిలీ జాబితాల్లో మళ్లీ మళ్లీ తలెత్తితే కుప్పలో తేడా ఉన్నట్టే.

పరీక్షకు నిలిచినవి పెట్టినా మిగిలే సమస్య

ఈ ఎంపికకు నా ఓటు ఉన్నా, ఇది అన్నిటినీ తీర్చదు. 12,000 జన్యువులూ పరీక్షకు నిలిచాయి కానీ వాటికి పట్టుబడే అవకాశం సమానం కాదు. రీడ్‌లు ఎక్కువ పడే జన్యువులో చిన్న మార్పు కూడా తేలుతుంది, తక్కువ పడేదాంట్లో పెద్ద మార్పే కావాలి. పొడవైన జన్యువులకు రీడ్‌లు ఎక్కువ పడతాయి, బాగా పలికేవాటికీ అంతే. వేళ్లలో గట్టిగా పలికే పెరాక్సిడేజ్‌లు ఇంకా కొంచెం ముందంజలోనే ఉంటాయి. మా లెక్కలో మిగిలిన ఆ 1.4 రెట్లలో కొంత దీనివల్లే కావచ్చు. goseq ఈ వాలును కొలిచి లెక్కలో కలుపుతుంది. పొడవుకు బదులు కౌంట్లు ఇచ్చినా తీసుకుంటుంది. మీ టర్మ్ జన్యువులన్నీ పట్టికలో పై కౌంట్ల దగ్గరే పోగుపడి ఉంటే దాన్ని తప్పక నడపండి.

వడపోత గీత ఎక్కడ గీయాలన్నది కూడా మన చేతిలోనే ఉంది కాబట్టి, రెండు మూడు చోట్ల గీసి చూడాలి. గీతను కొంచెం జరిపితే వచ్చీ పోయే టర్మ్ మీద పేరా రాయకూడదు.

ఆ అమ్మాయి మళ్లీ నడిపింది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ పై వరుసల నుంచి పోయింది. గింజ పక్వత పైకి వచ్చింది కానీ, అన్ని టర్మ్‌లకూ కలిపి సవరణ చేస్తే 0.05 గీతకు అవతలే ఆగింది. ఐదు జన్యువులే కదా, అంతకన్నా గట్టిగా నిలబడటం కష్టం. ఆమె ఆ ఐదింటి పేర్లూ విడివిడిగా చూసింది. నాలుగు ఎల్‌ఈఏ ప్రోటీన్లవి. చాప్టర్‌లో దాన్ని ఎన్‌రిచ్‌మెంట్ ఫలితంగా రాయలేదు. మెథడ్స్‌లో మాత్రం ఈ వాక్యం చేర్చింది: "బ్యాక్‌గ్రౌండ్‌గా, అన్ని వేరు నమూనాల్లో కలిపి `padj` విలువ ఉన్న జన్యువుల్లో జీఓ టర్మ్ ఉన్న 12,000 తీసుకున్నాం." ఇప్పుడు కొత్త కుండీల్లో జయపురం గింజలే నాటి ఉన్నాయి. ఆ నాలుగు జన్యువులకు క్యూపీసీఆర్ ప్రైమర్లు ఆర్డర్ పెట్టింది.